అరసవల్లి స్వామిపై ఏఐ బొమ్మలతో వీడియో చేయాలంటే

రథసప్తమికి ముందు నేను చేసిన ఒక చిన్న వీడియోలో సూర్యనారాయణ స్వామి రథానికి ఎనిమిది గుర్రాలున్నాయి. నేను లెక్కపెట్టలేదు. బొమ్మ ధగధగా మెరుస్తోంది, వెనకాల ఎర్రటి ఆకాశం, పాట బాగా కుదిరింది, పెట్టేశాను. మర్నాడు పొద్దున్న మా వీధిలో రోజూ ఆదిత్య హృదయం చదువుకునే పెద్దాయన నన్ను ఆపి, ఫోన్ చూపించి, "ఏటి బాబూ, ఈ ఎనిమిదో గుర్రం ఎక్కడి నుంచి వచ్చింది? సరే, అది పోనీ. అనూరుడికి కాళ్ళు ఎప్పుడు మొలిచాయి?" అని అడిగారు.

గుర్రాలకైతే ఏదో ఒక సమాధానం చెప్పి తప్పించుకునేవాణ్ణి. రెండో ప్రశ్నకు నా దగ్గర మాట లేదు. అనూరుడు అంటేనే తొడలు లేనివాడని అర్థం. వినత తొందరపడి గుడ్డు పగలగొడితే నడుము కింది భాగం ఏర్పడకుండానే పుట్టాడనీ, సూర్యుడికి సారథి అయ్యాడనీ మహాభారతం ఆదిపర్వంలో కథ ఉంది. ఏఐకి మాత్రం సారథి అంటే కాళ్ళు చాపుకుని దర్జాగా కూర్చున్న మనిషి. అదే గీసింది, అదే నేను ఊరంతా చూపించాను.

ఆ తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు భక్తి వీడియోలు చేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని, అరసవల్లినే ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను.

ఏ రూపం చూపిస్తున్నారో ముందు తేల్చుకోండి

ఏఐ సాధనం తెరవకముందే జరగాల్సిన పని ఇది. సూర్యుడి బొమ్మ అంటే ఒకటే కాదు. అరసవల్లి గర్భగుడిలో ఉన్నది నల్లరాతి మూర్తి. రెండు చేతులు, రెండింటిలో తామర మొగ్గలు. పక్కన ఉష, ఛాయ, పద్మ. కింద ఏడు గుర్రాలు, వాటిని తోలే అనూరుడు. అయితే సంధ్యావందనం చేసేవాళ్ళు చదివే సూర్యనారాయణ ధ్యాన శ్లోకంలో రూపం వేరు. అందులో స్వామి బంగారు మేనితో, మకర కుండలాలతో, శంఖ చక్రాలు ధరించి పద్మంలో కూర్చుని ఉంటాడు. ఇక మూడోది కథలో కనిపించే సూర్యుడు, అంటే ఆకాశంలో రథం మీద వెళ్ళే సూర్యుడు.

ఈ మూడూ సరైనవే. మీరు 'అరసవల్లి స్వామి' అని శీర్షిక పెట్టి, లోపల శంఖ చక్రాలు పట్టుకున్న బొమ్మ చూపించినప్పుడే తప్పవుతుంది. ఏఐకి ఈ తేడా తెలియదు. సూర్యనారాయణ అని రాస్తే, పేరులో నారాయణ ఉంది కాబట్టి విష్ణుమూర్తిలాగా నాలుగు చేతులు పెట్టేస్తుంది. చూసేవాళ్ళలో సగం మంది వారం తిరక్కుండా గుడికి వెళ్ళి వచ్చినవాళ్ళే ఉంటారు. వాళ్ళకు తమ స్వామి చేతిలో ఏముంటుందో మీరు చెప్పక్కర్లేదు.

నా నియమం ఒక్కటే: గర్భగుడిలో ఉన్న మూలమూర్తిని ఏఐతో పుట్టించను. మామూలు రోజుల్లో స్వామి అలంకారంలో ఉంటాడు. అలంకారం లేని నిజరూపం కోసం రథసప్తమి అర్ధరాత్రి నుంచి, క్షీరాభిషేకం వేళ, జనం చలిలో గంటల కొద్దీ క్యూలో నిలబడతారు. అంత కష్టపడి చూసేదాన్ని 'ఇదిగో నిజరూప దర్శనం' అంటూ కంప్యూటర్ బొమ్మతో ఇంట్లో కూర్చున్నవాళ్ళకు చూపిస్తే, చూపించినవాడికి పాతిక సెకన్ల పని, చూసినవాళ్ళకు మోసం. దొంగతనంగా తీసిన మూలమూర్తి ఫొటోను సాధనంలోకి ఎక్కించి 'కదిలించమని' అడగడం ఇంకా పెద్ద తప్పు. గర్భగుడిలో కెమెరా వద్దన్నది ఫొటోకు ఎంత వర్తిస్తుందో, ఆ ఫొటోలోంచి పుట్టించిన వీడియోకూ అంతే వర్తిస్తుంది.

కాబట్టి ఏఐని మూడోదానికి, అంటే కథలోని దృశ్యానికి వాడండి. గుడి గురించి చెప్పేటప్పుడు గుడి బయట మీరే తీసిన వీడియో వాడండి. గోపురం, ఇంద్ర పుష్కరిణి, ప్రసాదాల వరస, పొద్దున్నే అరటిపళ్ళు అమ్మే ఆమె చాలు.

కాగితం మీద లక్షణాలు రాసుకోండి

ఇప్పుడు దృశ్యం తేలింది: తెల్లవారుజామున ఏడు గుర్రాల రథం మీద సూర్యుడు. ఒక తెల్లకాగితం తీసుకుని, బొమ్మలో ఉండాల్సినవీ, ఉండకూడనివీ రాయండి. నా కాగితం మీద ఉన్నవి: రెండు చేతులు, రెండు తామర మొగ్గలు, కిరీటం, ఏడు గుర్రాలు, ఒకే చక్రం ఉన్న రథం, నడుము వరకే కనిపించే సారథి. ఉండకూడనివి: ఆయుధాలు, మూడో చేయి, శంఖ చక్రాలు, కండలు.

కండలు ఎందుకు రాశానంటే, ఏఐ ఏ దేవుణ్ణి అడిగినా జిమ్ నుంచి వచ్చినవాడిలా గీస్తుంది. పొట్ట మీద పలకలు, తీక్షణమైన చూపు, సినిమా పోస్టర్ భంగిమ. కుర్రాళ్ళకు నచ్చుతుంది. రోజూ దీపం పెట్టుకునేవాళ్ళు మాత్రం ఆ ముఖంలో శాంతం వెతుకుతారు. కోపంగా ఉన్న సూర్యుణ్ణి చూసి మా అమ్మ అన్న మాట ఇది: "ఈయన వరాలిచ్చేలా లేడు, ఎవరి మీదో యుద్ధానికెళ్తున్నాడు."

కాగితం రాశాక తెలిసినవాళ్ళకు చూపించండి. బొమ్మ తయారయ్యాక కాదు, ముందే. తయారైన బొమ్మ చూపిస్తే మొహమాటానికి బాగుందనేస్తారు. ఊళ్ళో అర్చకుల దగ్గరికి జనం తక్కువగా ఉండే వేళ, మధ్యాహ్నం గుడి మూసే ముందు వెళ్ళి, "గురువుగారూ, వీడియోలో స్వామి బొమ్మ ఇలా పెడదామనుకుంటున్నాను, ఇందులో తేడా ఏమైనా ఉందా?" అని అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు. ఆయన పేరు గానీ, 'అర్చకులు ఆమోదించారు' అన్న మాట గానీ వీడియోలో వాడకండి. ఆయన చూసింది కాగితం, మీ వీడియోకు హామీ ఇవ్వలేదు.

బొమ్మ తయారీ, లెక్క

సాధనానికి దేవుడి పేరు ఒక్కటే ఇస్తే అది తన అలవాటు ప్రకారం గీస్తుంది. పేరు తగ్గించి లక్షణాలు పెంచండి. నేను ఇచ్చింది దాదాపు ఇది:

```
Surya standing in a chariot, calm face, slender body,
exactly two arms, one lotus bud in each hand, no weapons,
charioteer visible only above the waist,
Indian painted illustration, not a photo,
full figure, wide empty space below the feet
```

ఇందులో గుర్రాలు లేవని గమనించారా? కావాలనే తీసేశాను. బొమ్మలు గీసే ఏఐకి ఐదు దాటాక లెక్క నిలకడగా ఉండదు. ఏడు అని రాస్తే ఒకసారి ఆరు, ఒకసారి ఎనిమిది, ఒక్కోసారి ఏడు తలలకు ఇరవై కాళ్ళు వస్తాయి. పదే పదే తీయించి అలసిపోయాక నాకు దొరికిన మార్గం, ఒక్క గుర్రాన్ని విడిగా తయారు చేయించడం. దాని వెనక నేపథ్యం తీసేసి, ఎడిటింగ్ యాప్‌లో ఏడు పొరలుగా పేర్చాను. వెనకున్నవాటిని కొంచెం చిన్నవి చేసి, రంగు కొంచెం తగ్గించాను. ఏడింటి మెడలు ఒకేలా వంగితే అచ్చు గుద్దినట్టుంటుంది కాబట్టి రెండో గుర్రం బొమ్మ కూడా తీయించి మధ్యమధ్యలో కలిపాను. గంటన్నర పట్టింది, కానీ లెక్క నా చేతిలో ఉంది.

లెక్క తలలతో ఆపకండి, కాళ్ళు కూడా చూడండి. తర్వాత స్వామి చేతివేళ్ళు, ఆ తర్వాత మెడలో హారం. హారం ఒక వైపు మొదలై మరో వైపు చర్మంలో కలిసిపోవడం ఏఐ బొమ్మల్లో చాలా మామూలు. బొమ్మలో ఎక్కడైనా తెలుగు అక్షరాల్లాంటివి కనిపిస్తే వాటిని చెరిపేయండి. 'ఓం' అనుకుని దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఏ లిపిలోనూ లేని ముగ్గు అవుతుంది.

ఇంకో చిక్కు ఎడిటింగ్‌లో వస్తుంది. బొమ్మను అటు నుంచి ఇటు తిప్పే మీట ఒకటి ఉంటుంది కదా. సూర్యుడికి రెండు చేతుల్లోనూ తామరలే కాబట్టి పెద్దగా తెలియదు. అదే మీట విష్ణుమూర్తి బొమ్మ మీద నొక్కితే కుడి చేతి చక్రం ఎడమకు, ఎడమ చేతి శంఖం కుడికి వెళ్ళిపోతాయి. అందంగా కుదిరిందని వదిలేస్తే వ్యాఖ్యల్లో మొదటి పెద్దమనిషి పట్టేస్తాడు.

కుదరని బొమ్మలు ఇరవై ముప్పై మిగులుతాయి. కరిగిన ముఖాలు, మూడో చేయి ఉన్నవి. అవి నవ్వు తెప్పిస్తాయి, నాకూ వచ్చింది. 'ఏఐ చేసిన తమాషాలు' అని వాటితో రీల్ మాత్రం చేయకండి. ఫోన్లోంచి, గ్యాలరీ చెత్తబుట్టలోంచి కూడా తీసేయండి. ఇంట్లో పిల్లలు ఆ గ్యాలరీలోంచే స్టేటస్ పెడతారు.

స్వామిని కాదు, వెలుగును కదిలించండి

నిలకడ బొమ్మను వీడియోగా మార్చే సాధనాలు ఇప్పుడు అందరి ఫోన్లలో ఉన్నాయి. దేవుడి కళ్ళు ఆర్పించడం, పెదవులు కదిలించడం, చేయి ఎత్తి దీవించడం ఒక్క నొక్కుతో అయిపోతాయి. నేను వీటిని పూర్తిగా మానేశాను. కారణం రెండు రకాలు. ఒకటి పనితనం: స్వామి తల తిప్పిన ప్రతిసారీ ముఖం కొద్దికొద్దిగా మారిపోయి, నాలుగో సెకనుకు ఇంకెవరో అవుతాడు. గుర్రాలు పరిగెత్తితే కాళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసి విడిపోతాయి. సెకనుకోసారి ఆపి చూస్తే గానీ తెలియదు, ఆపి చూడనివాళ్ళకు మాత్రం ఏదో ఇబ్బందిగా అనిపిస్తుంది. రెండోది మర్యాద: కళ్ళు తెరిచిన విగ్రహం, కన్నీరు కార్చిన విగ్రహం అన్నవి మన పల్లెల్లో వార్తలు. మీరు అందం కోసం కళ్ళు ఆర్పిస్తే, ఎవరో ఆ ముక్క కోసి 'అరసవల్లిలో అద్భుతం' అని పంపిస్తారు.

నా వీడియోలో స్వామి, సారథి నిశ్చలంగా ఉంటారు. ఆకాశం రంగు మారుతుంది, మబ్బులు కదులుతాయి, చూపు పాదాల దగ్గర మొదలై మెల్లగా ముఖం వరకు వెళ్ళి ఆగుతుంది. గుడిలో పెద్దవాళ్ళు పాదాల నుంచి చూడమంటారు కదా, అదే వరస.

ఆ పాదాల గురించే ఇంకో మాట. నిలువు వీడియోలో అడుగు భాగం మీద ఛానల్ పేరు, శీర్షిక వస్తాయి, కుడి పక్కన లైక్, షేర్ గుర్తులు వస్తాయి. మీరు స్వామిని తెర నిండా పెడితే పాదాల మీద మీ ఛానల్ పేరు కూర్చుంటుంది. అరసవల్లి అంటేనే పాదాలు. మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు వచ్చి తాకేది అక్కడికే. అందుకే పైన ఇచ్చిన సూచనలో పాదాల కింద ఖాళీ అడిగాను. తెరలో అడుగు నుంచి దాదాపు పావు వంతు ఖాళీగా వదిలి, పాదాలు దాని పైన వచ్చేలా పెట్టండి. సబ్‌స్క్రైబ్ గంట, చివర్లో వచ్చే 'తర్వాతి వీడియో' పెట్టెలు స్వామి బొమ్మ లేని చోటికి మార్చండి. ముఖాన్ని సగానికి కోసిన థంబ్‌నెయిల్ కూడా వద్దు.

కిరణాలు రాని రోజు

అసలు పరీక్ష ఇక్కడే. అక్టోబరులో మన దగ్గర మబ్బు పట్టడం ఎంతసేపు? తెల్లవారకుండానే వచ్చి నిలబడిన జనం కిరణాలు పడక నిరాశతో తిరిగి వెళ్ళే రోజులుంటాయి. ఆ పొద్దున్న 'నేటి కిరణ స్పర్శ' అని ఏఐ వీడియో పెడితే చూసేవాళ్ళు లక్షల్లో ఉండొచ్చు. అది అబద్ధపు వార్త, భక్తి వీడియో కాదు. నిజంగా జరిగే చోటును, జరిగే రోజును పట్టుకుని జరగనిదాన్ని చూపించడం అది.

యూట్యూబ్‌లో వీడియో ఎక్కించేటప్పుడు వివరాల పేజీలో `Altered content` అని ఒక ప్రశ్న ఉంటుంది. నిజమైన చోటునో, సంఘటననో మార్చి చూపించినా, జరగని దృశ్యాన్ని నిజంలా చూపించినా దానికి `Yes` పెట్టాలి. రంగుల బొమ్మలా కనిపించే దృశ్యానికి తప్పనిసరి కాదు గానీ, నేను దేవుడి బొమ్మ ఉన్న ప్రతిదానికీ `Yes` పెడతాను. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణతో వీడియో పెట్టేవాళ్ళ నుంచి ఈ ప్రకటన తీసుకోవడం, ఏఐతో చేసిందని గుర్తు వేయడం పెద్ద సోషల్ మీడియా వేదికలకు చట్టపరమైన బాధ్యత కూడా అయింది.

అయితే ఆ గుర్తు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మన ప్రేక్షకులు వీడియోను యూట్యూబ్‌లో కంటే వాట్సాప్‌లో ఎక్కువ చూస్తారు. డౌన్‌లోడ్ చేసి పంపగానే ఆ గుర్తు రాలిపోతుంది. అందుకని మీ మాట వీడియో లోపలే ఉండాలి. మొదటి ఐదు సెకన్లలో గొంతుతో చెప్పండి: "ఇది కంప్యూటర్‌తో చేసిన ఊహాచిత్రం. ఆలయంలో ఉన్న స్వామి మూర్తి కాదు." తర్వాత 'ఊహాచిత్రం' అన్న మాట చివరి వరకూ తెర మీద, రథం పక్కన ఖాళీలో ఉంచండి. మూలలో పెడితే కత్తిరించేస్తారు. అరవై ఏళ్ళావిడ కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా ఉండాలి. మా అమ్మకు చూపించి సైజు తేల్చుకున్నాను.

చట్టం వైపు నుంచి చూస్తే, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మత భావాలను కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు శిక్ష పడొచ్చు. పాత ఐపీసీలో ఇదే 295ఏ. గుర్రం లెక్క తప్పినందుకు ఎవరూ జైల్లో పెట్టరు. కానీ విరిగిన విగ్రహాల బొమ్మల జోలికి మాత్రం, 'ప్రతీకాత్మక చిత్రం' అని రాసి కూడా, వెళ్ళకండి. 2020 డిసెంబరులో రామతీర్థం బోడికొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని ధ్వంసం చేసినప్పుడు విజయనగరం జిల్లా అంతా ఎంత ఉద్రిక్తంగా ఉందో గుర్తున్నవాళ్ళు అలాంటి బొమ్మను పుట్టించాలనుకోరు.

ఏఐ అసలు పనికిరాని చోటు

విజయనగరం స్నేహితుడొకడు సిరిమానోత్సవానికి పైడితల్లి అమ్మవారి బొమ్మ ఏఐతో చేస్తానన్నాడు. చేసి చూపించాడు. సింహం మీద కూర్చుని, ఎనిమిది చేతుల్లో ఆయుధాలతో ఉన్న దుర్గమ్మ వచ్చింది. సాధనం తప్పు కాదు. అది చూసి నేర్చుకున్న బొమ్మల్లో దుర్గలు లెక్కలేనన్ని, పైడితల్లి ఎక్కడో ఒకటీ అరా. సూర్యుడికైతే శ్లోకాలున్నాయి, పురాణముంది, లక్షణాలు రాసి సరిచూసుకోవచ్చు. పూసపాటి వారి ఆడపడుచుగా, పెద్ద చెరువులో దొరికిన తల్లిగా జనం చెప్పుకునే అమ్మవారికి లక్షణం ఏమిటంటే, ఆ ఊరి వాళ్ళ కళ్ళల్లో ఉన్న ముఖమే. అది మాటల్లో రాసి ఇవ్వలేం.

గ్రామదేవతలకు ఏఐ వద్దని వాడికి చెప్పాను. దసరా తర్వాతి మంగళవారం రోడ్డు పక్కన నిలబడితే అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, వాటి వెనక సిరిమాను కళ్ళముందే వెళ్తాయి. ఫోన్‌తో తీసుకోవచ్చు. బొమ్మే కావాలంటే ఊళ్ళో గుడి గోడలకు రంగులు వేసే ఆయన్ని అడగమన్నాను. ఆయన గీసింది తప్పయితే అడగడానికి మనిషి ఉన్నాడు.

తప్పు జరిగిపోతే

వ్యాఖ్యల్లో వాదించకండి. నేను మొదట 'ఇది కళాత్మక స్వేచ్ఛ' అని జవాబు రాసి, అరగంటలో తీసేశాను. యూట్యూబ్‌లో పెట్టిన వీడియో స్థానంలో అదే లింకుతో కొత్త వీడియో పెట్టడం కుదరదు. అందుకని పాతది పూర్తిగా తొలగించి, సరిచేసినది కొత్తగా పెట్టి, మొదటి వ్యాఖ్యగా ఏది తప్పో స్పష్టంగా రాసి పిన్ చేశాను: "గత వీడియోలో ఎనిమిది గుర్రాలు చూపించాను, సారథికి కాళ్ళు చూపించాను. రెండూ తప్పు. క్షమించండి." పాత వీడియోకు వచ్చిన వ్యూస్ పోయాయి, అది వేరే సంగతి. పెద్దాయనకు కొత్తది తీసుకెళ్ళి చూపించాను. ఫోన్ దూరంగా పట్టుకుని వేలితో ఏడు వరకూ లెక్కపెట్టి, "ఆఁ" అని తిరిగి ఇచ్చేశారు.

పాతది మాత్రం ఎవరో డౌన్‌లోడ్ చేసి ఉంచారు. ఇప్పటికీ ఆదివారం పొద్దున్న ఏదో ఒక కుటుంబ గ్రూపులో 'శుభోదయం' అని రాసుకుని, ఎనిమిది గుర్రాలతో నా దగ్గరికే వస్తుంది.